సెలవు కాదని రాసేటప్పుడు: ఒక బ్యాంకు మేనేజరు అనుభవ పాఠాలు

బ్యాంకులో చాలా ఏళ్లు బ్రాంచి మేనేజరుగా పనిచేసి, చివర్లో రీజనల్ ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూశాను. అక్కడ నా బల్ల మీదికి వచ్చిన ఫిర్యాదుల్లో సెలవు ఇవ్వలేదన్నవి తక్కువ. ఇవ్వనని చెప్పిన తీరు గురించి వచ్చినవే ఎక్కువ. అందులో ఒకదాన్ని తీసుకుని, ఆ మెసేజిని తిరగరాయించినప్పుడు ఏమేం మార్చామో చెబుతాను. ఇప్పుడు కుర్చీలో ఉన్న మేనేజర్లకు పనికొస్తుందని నా నమ్మకం.

అది చిన్న ఊళ్లో బ్రాంచి. మేనేజరు, ఒక ఆఫీసరు, హెడ్ క్యాషియరు, ఒక క్లర్కు. హెడ్ క్యాషియరుగారు మార్చి 28 నుంచి 31 దాకా నాలుగు రోజులు క్యాజువల్ లీవు అడిగారు. పిన్ని కూతురి పెళ్లి. 10వ తేదీనే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టారు. మేనేజరు కుర్రవాడు, పనిమంతుడు. పది రోజులు ఏమీ అనకుండా ఉండి, 20వ తేదీ రాత్రి బ్రాంచి వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాడు:

“మార్చి నెలాఖరులో సెలవా? ఇయర్ ఎండింగ్ అని తెలియదా? అందరికీ ఇళ్లున్నాయి, పెళ్లిళ్లున్నాయి. సొంత చెల్లెలి పెళ్లి కూడా కాదు కదా. సెలవు హక్కు కాదని గుర్తుంచుకోండి. రిజెక్ట్ చేశాను.”

సెలవు ఇవ్వకపోవడంలో అతని తప్పు లేదు. ఆ బ్రాంచి లెక్క చూస్తే నేనైనా నాలుగు రోజులు ఇచ్చేవాణ్ని కాదు. కానీ ఆ మెసేజిలో ఆ లెక్క ఒక్క ముక్క కూడా లేదు. ఆమె ఫిర్యాదు పంపాక అతన్ని పిలిచి, ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం.

1. కారణం ముందు మీకే తెలియాలి.

“ఎందుకు ఇవ్వలేదు?” అని అడిగితే అతను “ఇయర్ ఎండింగ్ కదండీ” అన్నాడు. అది క్యాలెండరు చెప్పే సంగతి, కారణం కాదు. మార్చి 31కి లెక్కలు ముగించాలనీ, ఏప్రిల్ 1న ఖాతాదారులకు తలుపు తెరవకుండా ఆ పనే చూస్తామనీ ఆమెకూ తెలుసు. ఆమె లేకపోతే ఆ నాలుగు రోజుల్లో ఏ పని, ఎవరి దగ్గర, ఎందుకు ఆగుతుందో చెప్పమన్నాను. కాగితం తీసుకుని రాస్తే అప్పుడు బయటపడింది.

క్యాష్ సేఫ్‌కి రెండు తాళాలు. ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర, రెండోది ఆఫీసరు దగ్గర. ఒకరు లేకుండా మరొకరు తెరవలేరు. ఆ వారం ఆఫీసరు సెలవులో ఉంటారు కాబట్టి ఆ తాళం మేనేజరు దగ్గరికి వస్తుంది. క్యాషియరు కూడా వెళితే ఆమె తాళం, కౌంటరు రెండూ క్లర్కు మీద పడతాయి. అప్పుడు సంవత్సరాంతపు ఎంట్రీలు వేసే మనిషి ఉండడు. ఒక ఎంట్రీని ఒకరు వేస్తే మరొకరు ఆమోదించాలి. మేనేజరు తానే వేసి తానే ఆమోదించడానికి లేదు. అంటే సమస్య ‘ఇయర్ ఎండింగ్’ కాదు, ఆ నాలుగు రోజులూ బ్రాంచికి ఒక మనిషి చాలకపోవడం. ఇది విన్న ఏ క్యాషియరుకైనా అర్థమవుతుంది. అర్థం కాని మెసేజి మీదే కోపం వస్తుంది.

కాగితం మీద రాస్తుంటే కొన్నిసార్లు కారణమే దొరకదు. అప్పుడు సెలవు మంజూరు చేయాలి. “మార్చిలో ఎవరికీ ఇవ్వను” అన్నది మేనేజరు అలవాటే కావచ్చు, బ్రాంచి అవసరం కాకపోవచ్చు.

2. కాదనే ముందు ఒక ప్రశ్న అడగండి.

“ఆ నాలుగు రోజుల్లో మీరు తప్పకుండా ఉండాల్సింది ఎప్పుడు?” ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా ముందే ఫోన్ చేసి అడగమన్నాను. ముహూర్తం 29 రాత్రి. పెళ్లివారి ఊరు బస్సులో రెండు గంటల దూరం. మిగతా రోజులు పెళ్లిపనులకూ అప్పగింతలకూ అడిగారు. తల్లి చనిపోయాక ఆమెను పెంచింది ఆ పిన్నిగారేనని కూడా అప్పుడే తెలిసింది.

నాలుగు రోజులు ఒక మనిషి లేకుండా నడవని బ్రాంచి ఒక పూట నడుస్తుంది. క్లర్కు ఒక పూట క్యాష్ చూస్తే ఎంట్రీలు ఆ పూటకు ఆగుతాయి, సాయంత్రం మొదలుపెట్టవచ్చు. ఆ పూట ఇవ్వవచ్చని తేలింది. మిగతాది ఇవ్వలేం. ఎంత కాదనాలో తేలాకే కాదనాలి.

3. ఎదుటివారి చుట్టరికాన్ని తూచకండి.

“సొంత చెల్లెలి పెళ్లి కూడా కాదు కదా” అన్న వాక్యమే ఆ ఫిర్యాదుకు మూలం. ఎవరు ఎవరికి ఎంత దగ్గరో మేనేజరుకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. బ్రాంచికి మనిషి చాలకపోతే సొంత చెల్లెలి పెళ్లికైనా చాలదు. చాలితే ఎదురింటివారి పెళ్లికైనా ఇవ్వవచ్చు. అలాంటప్పుడు ఆ మాట కారణంలో భాగమే కాదు. కొట్టేయండి.

4. “సెలవు హక్కు కాదు” అన్నది నిజమే, కానీ అది కారణం కాదు.

మా సర్వీసు నిబంధనల్లో ఆ మాట ఉంది. కాదనే అధికారం మేనేజరుకు ఉందని మాత్రమే దాని అర్థం. ఆ అధికారాన్ని ఈసారి ఎందుకు వాడాల్సి వచ్చిందో ఆ వాక్యం చెప్పదు. ఏడాదికి 12 క్యాజువల్ లీవులు, ఒక్కసారికి నాలుగు దాటకూడదు అన్న లెక్కలోనే ఆమె అడిగారు. నిబంధన పాటించి అడిగిన మనిషికి నిబంధన వినిపించడం అవమానమే.

5. పొగడ్తతో కాదనడం కూడా వద్దు.

మొదటి మెసేజి కఠినంగా ఉందని, రెండోసారి అతను “మీరు లేకపోతే మన బ్రాంచే నడవదు మేడమ్” అని రాశాడు. అది కూడా కొట్టేయించాను. ఒకటి, అది అబద్ధం. రేపు ఆమెకు బదిలీ అయితే బ్రాంచి నడవదా? రెండు, అది బ్యాంకు పద్ధతికే విరుద్ధం. కీలకమైన పనుల్లో ఉన్న సిబ్బందిని ఏటా కనీసం 10 పనిదినాలు ఏకబిగిన, ముందుగా చెప్పకుండా సెలవుకు పంపాలని రిజర్వ్ బ్యాంకే 2021లో ఆదేశించింది. ఒక మనిషి లేకుండా పని జరగదన్న చోటే మోసాలు దాగుతాయన్నది అందులోని ఆలోచన. సెలవు ఆపడానికి గల కారణం పని ఏర్పాటులో ఉంటుంది, మనిషి గొప్పతనంలో కాదు.

6. మరొకరి ఇంటి సంగతి కారణంగా రాయకండి.

ఆఫీసరు సెలవు ఆపరేషన్ కోసం. మేనేజరు చిత్తులో అది కూడా రాశాడు, అప్పుడైతే ఆమె ఒప్పుకుంటుందని. సానుభూతి కోసం రాసినా అది ఆఫీసరుగారి ఆరోగ్యం, చెప్పుకోవాలో వద్దో ఆయన ఇష్టం. “ముందే మంజూరైన సెలవులో ఉంటారు” అంటే చాలు. ‘ముందే’ అన్న మాట ఉంటే, ఎవరి సెలవూ మరొకరి సెలవు కంటే గొప్పదని మీరు తీర్పు చెప్పినట్టు కాదు.

7. తిరగరాసిన మెసేజి ఇది.

“మేడమ్, నమస్తే. మార్చి 28 నుంచి 31 వరకు నాలుగు రోజులు సెలవు కోరుతూ మీరు 10న పెట్టిన దరఖాస్తుకు జవాబు ఆలస్యమైంది. ఆ నాలుగు రోజుల సెలవు ఇవ్వలేకపోతున్నాను.

ఆ వారం ఆఫీసరుగారు ముందే మంజూరైన సెలవులో ఉంటారు, క్యాష్ రెండో తాళం నా దగ్గర ఉంటుంది. మీరు కూడా లేకపోతే మీ తాళం, కౌంటరు క్లర్కుగారు తీసుకోవాలి. అప్పుడు సంవత్సరాంతపు ఎంట్రీలు వేయడానికి మరొకరు ఉండరు. నేను వేసి నేనే ఆమోదించకూడదు. ఒకరిని పంపమని రీజనల్ ఆఫీసును అడిగాను. 31 వరకు ఎవరినీ పంపలేమన్నారు.

పెళ్లికి మీరు ఉండాలి. 29న క్యాష్ మూసి, తాళం రిజిస్టరులో సంతకాలతో క్లర్కుగారికి అప్పగించి బయలుదేరండి. 30న మధ్యాహ్నం 2 గంటలకు వస్తే చాలు. ఏప్రిల్ 2 నుంచి నాలుగు రోజుల సెలవు కావాలంటే ఇవాళ పోర్టల్‌లో పెట్టండి, ఇవాళే ఆమోదిస్తాను. ఈ ఏర్పాటులో మీకు ఇబ్బంది ఏదైనా ఉంటే రేపు ఉదయం చెప్పండి.”

నమస్తే తర్వాత రెండో వాక్యంలోనే ‘ఇవ్వలేకపోతున్నాను’ ఉంది చూడండి. మంచి మాటలన్నీ చెప్పి చివర్లో కాదంటే, చదివేవారు చివరిదాకా ఆశతో చదువుతారు. ‘ప్రస్తుతానికి’, ‘వీలైతే చూద్దాం’ లాంటి మాటలు లేవు. వాటిని నమ్మి టికెట్లు కొన్నవారిని చూశాను. ‘పైవాళ్లు ఒప్పుకోలేదు’ అని కూడా లేదు. రీజనల్ ఆఫీసు మనిషిని పంపనంది, సెలవు కాదన్నది మేనేజరే. అది అతని పేరు మీదే ఉండాలి. అన్నట్టు, రీజనల్ ఆఫీసును అడిగానన్న వాక్యం నిజం కావడానికి అతను ఆ రోజే నిజంగా అడగాల్సి వచ్చింది. అడగకుండా అడిగానని రాయకండి. చిన్న ఆఫీసుల్లో ఆ సంగతి మరుసటి రోజుకే తెలిసిపోతుంది.

8. గ్రూపులో వద్దు. పోర్టల్‌లోనూ అదే కారణం రాయండి.

ముందు మనిషిని పిలిచి చెప్పి, తర్వాత ఆమె ఒక్కరికే మెసేజి పంపాలి. పోర్టల్‌లో రిమార్కుల గడిలో ‘రిజెక్టెడ్’ అని వదిలేయకుండా, మెసేజిలోని కారణాన్నే రెండు వాక్యాల్లో రాయాలి. తేదీతో సహా రాతలో ఉండటం ఉద్యోగికి రక్షణ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్‌లో, పద్ధతి ప్రకారం అడిగినా ఇవ్వని వేతన సెలవును పరిమితి లేకుండా తర్వాతి ఏడాదికి తీసుకెళ్లవచ్చని ఉండేది. ఇవ్వలేదని కాగితం మీద లేకపోతే కార్మికుడు ఆ సంగతి దేనితో రుజువు చేస్తాడు?

9. ఆలస్యం అన్నిటికంటే చెడ్డది.

10న అడిగితే 20న జవాబు. ఆ పది రోజుల్లో ఆమె చీరలు కొన్నారు, పిన్నికి వస్తున్నానని చెప్పారు. 12నే కాదని ఉంటే, ఇదే కారణానికి సగం బాధ తగ్గేది, రీజనల్ ఆఫీసు దగ్గర మనిషి దొరికే అవకాశమూ ఉండేది.

10. బదులుగా ఇచ్చిన మాట తప్పకండి.

ఏప్రిల్ 2 అన్నాక ఏప్రిల్ 2నే. ఆ సెలవు పోర్టల్‌లో ఆమోదం అయ్యేదాకా మీరు కాదన్న మెసేజి పూర్తి కానట్టే. మీ పోర్టల్‌లో జవాబు లేని దరఖాస్తు ఏదైనా ఉంటే, ఇవ్వగలిగినా ఇవ్వలేకపోయినా, ఇవాళ సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు జవాబు రాయండి.