ముత్తుకూరు రోడ్డులో ఇరుక్కుపోతే

కృష్ణపట్నం పోర్టుకు పోయే దారిలో ఒక ఫ్యాక్టరీ. నేను అప్పట్లో అక్కడ హెచ్‌ఆర్‌లో ఉన్నాను. ఆ రోజు ల్యాబ్ కెమిస్ట్ పోస్టుకు ఆరుగురిని పిలిచాం, మనిషికి అరగంట. 11 గంటలకు రావలసిన కుర్రాడిది కోవూరు. 10.35కి అతని దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. మొదట పేరు, దాని కింద ఇది:

"నమస్తే సార్. ల్యాబ్ కెమిస్ట్ పోస్టుకు ఈరోజు 11 గంటలకు నా ఇంటర్వ్యూ. ముత్తుకూరు రోడ్డులో ట్రాఫిక్ ఆగిపోయింది, టైముకు చేరలేను. 11.30కి మీ ఆఫీసులో ఉంటాను. ఆలస్యమవుతున్నందుకు క్షమించండి. ఆ టైము కుదరకపోతే మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

అది చదివి నేను చేసిన పని చాలా చిన్నది. 11.30కి రావలసిన అమ్మాయి అప్పటికే ఫైలు పట్టుకుని రిసెప్షన్‌లో కూర్చుని ఉంది. "ముందు మీరు వెళ్తారా అమ్మా?" అని అడిగితే సరేనంది. చేతిలో ఉన్న లిస్టులో రెండు పేర్ల మధ్య పెన్సిల్‌తో ఒక బాణం గీశాను. లోపల ఇంటర్వ్యూ చేస్తున్న ఇద్దరికీ వరుస మారిందని ఒక్క మాట చెప్పాను. ఎందుకని వాళ్లు అడగలేదు. వాళ్ల లెక్కలో ఆ రోజు ఎవరూ ఆలస్యంగా రాలేదు.

అదే మెసేజ్ 11.05కి వచ్చుంటే కథ వేరుగా ఉండేది. ప్రొడక్షన్ మేనేజర్ ప్లాంట్ వదిలి వచ్చి కుర్చీలో కూర్చుని, ఖాళీ కుర్చీని చూస్తూ టీ తాగుతూ ఉండేవాడు. అయిదు నిమిషాలకోసారి గడియారం చూసేవాడు. మాటలు అక్షరం తేడా లేకుండా అవే అయినా, 10.35కి వస్తే అది సమాచారం, 11.05కి వస్తే సంజాయిషీ.

అందుకని మెసేజ్‌లో ఏం రాయాలన్న దానికంటే ముందు ఎప్పుడు పంపాలో తేల్చుకోవాలి. చాలామంది 11 దాటితేనే ఆలస్యం అనుకుంటారు. ఈ పక్క ఫ్యాక్టరీల్లో అది తప్పు లెక్క. గేటు దగ్గర ఆధార్ చూపించాలి, రిజిస్టర్‌లో రాయాలి, సెక్యూరిటీ వాళ్లు లోపలికి ఫోన్ చేసి అడిగాక విజిటర్ పాస్ ఇస్తారు. కొన్నిచోట్ల హెల్మెట్ పెట్టి జాగ్రత్తలు చెప్పి పంపుతారు. అక్కణ్ణుంచి ఆఫీసు దాకా నడక. మొత్తం పదిహేను నిమిషాలు వేసుకోండి. అంటే 11 గంటల ఇంటర్వ్యూకు మీరు 10.45కి గేటు దగ్గర ఉండాలి. ఫోన్‌లో మ్యాప్ 10.50 అని చూపించిన క్షణమే మీరు ఆలస్యమైనట్టు. మెసేజ్ పంపవలసింది కూడా అప్పుడే.

కానీ ఆ క్షణంలో ఎవరూ పంపరు. "ఇంకాసేపట్లో కదులుతుందేమో" అనే ఆశ ఒకటి ఉంటుంది. ఈ రోడ్డులో ఆ ఆశ పెట్టుకోవచ్చా లేదా అన్నది చుట్టూ చూస్తే తెలిసిపోతుంది. 2008లో పోర్టు మొదలైనప్పటి నుంచి బొగ్గు లారీలు, ఎరువుల లారీలు, పంటపాళెం నూనె ఫ్యాక్టరీల ట్యాంకర్లు అన్నీ అటే తిరుగుతున్నాయి. ముందున్న లారీ డ్రైవరు ఇంజిన్ ఆన్‌లోనే పెట్టి స్టీరింగ్ దగ్గర కూర్చుని ఉంటే, కాసేపట్లో కదులుతుంది. ఇంజిన్ ఆపి కిందికి దిగి పక్క లారీ అతనితో మాటల్లో పడ్డాడంటే మీరు ఫోన్ తీయాల్సిందే. ఆ సంగతి మ్యాప్ కంటే అతనికే ముందు తెలుస్తుంది. బైకు మీద ఉంటే మాత్రం పక్కకు ఆపుకుని టైపు చేయండి. లారీల మధ్య సందుల్లో దూరుతూ ఒంటిచేత్తో మెసేజ్ కొట్టేవాళ్లను చూశాను.

ఇక మెసేజ్‌లో అసలు పని చేసే ముక్క ఒక్కటే: కొత్త టైము. పేరు, పోస్టు, పాత టైము ఎందుకంటే అవతలి మనిషి లిస్టులో మిమ్మల్ని వెతుక్కోవాలి. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో ఉండదు, "సార్ నేను కొంచెం లేటు అవుతా" అని ఒక తెలియని నంబరు నుంచి వస్తే ఆరుగురిలో ఎవరో తెలియదు. దాని తర్వాత వాళ్లకు కావలసింది 11.30 లాంటి ఒక అంకె. "కాసేపట్లో", "దగ్గర్లోనే ఉన్నాను", "దారిలో ఉన్నా సార్" అన్నవాటితో ఎవరూ వరుస మార్చలేరు.

ఆ కుర్రాడు 11.30 అని ఎలా లెక్కేశాడో తర్వాత అడిగాను. మ్యాప్ 11.10 చూపించిందట. పది నిమిషాలు కలిపితే 11.20, పోర్టు రోడ్డును నమ్మకూడదని ఇంకో పది వేసుకున్నాడట. 11.22కి ఆఫీసులోకి వచ్చాడు. ఇది నాకు బాగా నచ్చిన లెక్క. తక్కువ ఆలస్యం చెబితే తక్కువ తప్పుగా కనిపిస్తుందని మనసు లాగుతుంది, 11.10 అని రాసేయాలనిపిస్తుంది. 11.10 అని రాసి 11.22కి వస్తే ఒకే రోజు రెండుసార్లు ఆలస్యమైనట్టు. 11.30 అని రాసి 11.22కి వస్తే ఒక్కసారే. మొదటి తప్పు రోడ్డుది అనుకుంటారు, రెండోది మాత్రం మనిషి ఖాతాలోకే పోతుంది.

చెప్పిన టైము కూడా దాటేలా ఉంటే రెండో మెసేజ్ పంపాలి, అదీ ఆ టైము కాకముందే. అందులో మళ్లీ కథ మొదలుపెట్టొద్దు: "సార్, 11.30కి కాదు, 11.45 అవుతుంది. క్షమించండి." అంతే. మూడోది పంపే పరిస్థితి వస్తే మెసేజ్ కాదు, ఫోన్ చేసి వేరే రోజు అడగడం మర్యాద.

సాకుల సంగతికి వద్దాం. కారణం వేరు, సాకు వేరు. "ట్రాఫిక్ ఆగిపోయింది" అనేది కారణం, రెండు మాటల్లో అయిపోతుంది. దాని వెనక ఇంకో వాక్యం చేరిందంటే సాకు మొదలైనట్టే. నాకు వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఈ ధోరణిలో ఉండేవి: "సార్ నేను 8 గంటలకే ఇంట్లోంచి బయలుదేరాను సార్, పెన్నా వంతెన మీద అరగంట ఆగిపోయాం, ఊళ్లో కూడా ట్రాఫిక్, ఈ రోడ్డు ఎప్పుడూ ఇంతే సార్, ఎవరూ పట్టించుకోరు, దయచేసి నా అవకాశం పోనివ్వకండి, నాకు ఈ ఉద్యోగం చాలా అవసరం." అందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. కానీ చదివే మనిషి రోజూ అదే రోడ్డులో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. "ఈ రోడ్డు ఎప్పుడూ ఇంతే" అంటే ఆయనకు వచ్చే ఆలోచన ఒక్కటే: ఎప్పుడూ ఇంతే అని తెలిసినవాడివి ఇంకాస్త ముందు బయలుదేరవచ్చు గదా? ఇంత రాసినా ఎన్ని గంటలకు వస్తాడో మాత్రం అందులో లేదు. ఆగిపోయిన లారీల ఫొటోలు కూడా వచ్చేవి. ఫొటో పంపితే, మీరు నమ్మరని నాకు తెలుసు అన్నట్టు ఉంటుంది. వాయిస్ మెసేజ్ అయితే, హారన్ల మధ్య ఒకటిన్నర నిమిషం వినాలి.

క్షమాపణ మెసేజ్‌లో ఒక్కసారి చాలు. అయిదుసార్లు "సారీ సార్" అంటే అవతలివాడు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, ఆ పని ఆయనది కాదు. మెసేజ్ మధ్యలో ఒకటి రాయండి, గదిలోకి వెళ్లగానే "ఆలస్యానికి క్షమించండి" అని నోటితో ఇంకొకటి చెప్పండి. తర్వాత ఆ ఊసు వద్దు. మూడో ప్రశ్నకు జవాబు తడబడితే "ట్రాఫిక్ వల్ల టెన్షన్‌లో ఉన్నా సార్" అని అనొద్దు. వాళ్లు అప్పటికే మరిచిపోయిన సంగతిని మీరే గుర్తుచేసినట్టవుతుంది.

ఎవరికి పంపాలంటే, పిలుపు ఏ నంబరు నుంచి వచ్చిందో దానికే. మిమ్మల్ని సిఫారసు చేసిన బంధువుకో, లోపల పనిచేసే స్నేహితుడికో కాదు. వాళ్లు చెబుతారు గానీ షిఫ్టులో ఉండి మధ్యాహ్నం చెబుతారు. వాట్సాప్‌లో ఒకే టిక్కు పడి ఆగిపోతే మామూలు ఎస్సెమ్మెస్ పంపండి. పది నిమిషాల్లో ఏ జవాబూ రాకపోతే ఒక్కసారి ఫోన్ చేసి అవే ముక్కలు చెప్పండి. ఎత్తకపోతే ఊరుకోండి, ఇంటర్వ్యూ గదిలో ఉండవచ్చు. పోర్టు చుట్టుపక్కల హెచ్‌ఆర్‌లో తెలుగు రానివాళ్లూ ఉంటారు. వాళ్లకైతే ఇదే వరుసలో, మీకొచ్చిన ఇంగ్లీషులో చిన్న వాక్యాలు చాలు.

ఈ మెసేజ్‌కు లొంగని సందర్భాలు రెండు. ఒకటి వాన. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే మీద రాకపోకలు ఆగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజున "11.30కి వస్తాను" అని రాయడం అవతలివాళ్లను ఊరికే కూర్చోబెట్టడమే. "ఈరోజు రాలేను, దారి తెరిచాక మీరు చెప్పిన రోజు వస్తాను" అని పొద్దున్నే రాసేయాలి. రెండోది ప్రభుత్వ పోటీ పరీక్షలు. అక్కడ గేటు మూసే టైము హాల్‌టికెట్ మీదే ఉంటుంది, వరుస మార్చే మనిషే ఉండడు. దానికి ముందు రోజే ఆ ఊరు చేరడం తప్ప దారి లేదు.

ఆ కోవూరు కుర్రాడికి ఆ ఉద్యోగం రాలేదు. నూనె పరీక్షల్లో అనుభవం ఉన్న వేరొకరిని తీసుకున్నాం. ఆలస్యం సంగతి ఆ చర్చలో ఎవరూ ఎత్తలేదు.

రేపు మీకు ఇంటర్వ్యూ ఉంటే, ఈ రాత్రి పడుకునే ముందు వాళ్ల నంబరును కంపెనీ పేరుతో ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీ పేరు, పోస్టు, టైము ఉన్న మొదటి లైన్లు ఇప్పుడే టైపు చేసి ఉంచుకోండి. రోడ్డు మీద ఇరుక్కుంటే అంకె ఒక్కటి చేర్చి పంపితే సరిపోతుంది.