లాభాల కొట్టులో గల్లా ఖాళీ ఎందుకు?

ప్రశ్న: నాన్నగారికి బట్టల కొట్టు ఉంది. దసరాకు ముందు ఏటా అప్పే. ఈసారి నెలవారీ నగదు లెక్క నేనే వేశాను. సెప్టెంబరు చివర 1,80,000 రూపాయల లోటు తేలింది. లాభం ఉండగా ఇదేమిటి?

జవాబు: అమ్మా, మీ లెక్క తప్పలేదు. అమ్మకం వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు. సెప్టెంబరు మొదట గల్లాలో 90,000. ఆ నెల రొక్కం అమ్మకాలు 1,80,000, ఆగస్టు ఖాతాల వసూళ్లు 1,20,000. పండగ సరుకుకు 5,00,000, అద్దె, జీతాలకు 70,000 పోతాయి. మీరు రాసిన లోటు అదే. చిల్లరకు 20,000 ఉంచుకుంటే కావలసింది రెండు లక్షలు.

అయితే నెలాఖరు అంకె ఒక్కటే చూశారు. సరుకు డబ్బు 5వ తేదీన కట్టాలన్నారు. ఖాతాలు మాత్రం 10 తర్వాతే కదులుతాయి. 5 నాటికి గల్లాలో 1,30,000 చేరినా లోటు 3,70,000! అందుకే సెప్టెంబరును వారాలుగా విడగొట్టండి. సరుకు డబ్బులో సగం 25న కడతామని వ్యాపారిని అడగండి. ఒప్పుకుంటే అవసరం మళ్ళీ రెండు లక్షల దగ్గరికి దిగుతుంది.

అక్టోబరులో ఖర్చులు పోను 2,40,000 మిగులుతుందని మీ కాగితమే చెబుతోంది, కాబట్టి ఇది నెల రోజుల అప్పు. మూడు రూపాయల వడ్డీకి తెస్తే 6,000 పోతుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌లో వాడుకున్న సొమ్ముకు, వాడిన రోజులకే వడ్డీ. మంజూరుకు సమయం పడుతుంది, ఆగస్టులోనే ఈ కాగితంతో బ్యాంకుకు వెళ్ళండి.