నీడ కన్నా జారిన వరసే ప్రమాదం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి అందులోని వివరాలను కంప్యూటర్ పట్టికలోకి ఎక్కించేటప్పుడు వంకర, నీడ, మసక, మడత అన్నీ ఒకే ఫొటోలో కనిపిస్తుంటాయి. వీటిలో సమాచారాన్ని ఎక్కువగా పాడుచేసేది ఏది?

జవాబు: కంటికి ఎక్కువ చిరాకు కలిగించే లోపమే సమాచారానికి కూడా ఎక్కువ హాని చేస్తుందని అనుకోవడం సహజమే గాని, ఈ విషయంలో కన్ను చెప్పే తీర్పును నమ్మడానికి వీలులేదు. పేజీ మొత్తం ఒకే పక్కకు ఒరిగి ఉంటే చూడడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా ఆ ఒరుగుదల ఎన్ని డిగ్రీలో ఒకసారి లెక్కగట్టి బొమ్మను అంతమేర వెనక్కి తిప్పితే దాదాపుగా పోయేదేమీ ఉండదు. నీడ అక్షరాలను కప్పుతుందే తప్ప చాలా సందర్భాల్లో చెరిపివేయదు కనుక దానిని కూడా చాలావరకు తొలగించవచ్చు. మసక అలాంటిది కాదు. చేయి కదిలినందువల్లనో, దృష్టి కుదరనందువల్లనో, బొమ్మను కుదించినందువల్లనో రెండు గీతల మధ్య ఖాళీ ఒకసారి పూడిపోయిన తరువాత అక్కడ ఏముండేదో ఏ పద్ధతీ నిజంగా చెప్పలేదు, ఊహించగలదు అంతే. అయితే వీటన్నిటి కంటే ముందు నిలబెట్టవలసిన లోపం మరొకటి ఉంది. కెమెరాను పక్క నుంచి పట్టుకొన్నందువల్ల గాని, కాగితం వంగినందువల్ల గాని పేజీలోని వరసలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండకపోవడమే అది. మసకబారిన అంకె అనుమానం పుట్టిస్తుంది. జారిన వరసలో ప్రతి అంకె స్పష్టంగా, సరిగ్గా చదవబడి, వేరొకరి పేరు ఎదురుగా కూర్చుంటుంది.

ప్రశ్న: ఒక పాల సేకరణ కేంద్రంలో రోజువారీ జాబితాను ఫొటో తీసి ఎక్కిస్తున్నారు. చివర మొత్తం ప్రతిసారీ సరిపోతున్నది, కాని కొందరు సభ్యులు తమ ఖాతాలో సొమ్ము తప్పు పడిందంటున్నారు. మొత్తం సరిపోయినప్పుడు విడివిడి సొమ్ములు ఎలా తప్పుతాయి?

జవాబు: మొత్తం సరిపోవడం ఇక్కడ ధైర్యమివ్వదగిన సాక్ష్యం కాదు, ఎందుకో ఒక ఉదాహరణతో చూడవచ్చు. జాబితాలో గళ్ల గీతలు లేవని, ఇరవై నాలుగు అడ్డు వరసలు ఉన్నాయని, ఒక వరసకూ మరొక వరసకూ మధ్య 7 మిల్లీమీటర్ల దూరం ఉందని, ఎడమ అంచున సభ్యుని పేరూ దానికి 180 మిల్లీమీటర్ల దూరంలో కుడి అంచున సొమ్మూ ఉన్నాయని అనుకొందాం. గళ్ల గీతలు లేనప్పుడు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపు చేసిన పాఠంగా మార్చే ప్రక్రియ, ఏ అంకె ఏ పేరుకు చెందుతుందో వాటి ఎత్తును బట్టి మాత్రమే నిర్ణయిస్తుంది. పేరుకు సమానమైన ఎత్తులో, లేదా అందుకు అతి దగ్గరలో ఉన్న అంకెను ఆ వరసలో చేరుస్తుంది.

ఫొటో తీసే వ్యక్తి కాగితానికి ఎడమ వైపున నిలబడ్డాడనుకొంటే కుడి అంచు కెమెరాకు దూరమవుతుంది, దూరమైనది చిన్నదిగా కనిపిస్తుంది కనుక వరసలు కుడి వైపుకు వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి. ఫలితంగా పై వరసలు కుడి చివరన కిందికి దిగుతాయి, కింది వరసలు కుడి చివరన పైకి లేస్తాయి. పై అంచున ఈ వాలు ఒకటిన్నర డిగ్రీ అయితే 180 మిల్లీమీటర్ల దూరంలో అది 4.7 మిల్లీమీటర్ల తేడాగా తేలుతుంది. వరసల మధ్య దూరంలో సగం 3.5 మిల్లీమీటర్లే కాబట్టి, అంకె తన పేరు కంటే తరువాతి పేరుకే దగ్గరగా పడుతుంది. పేజీ మధ్యకు వచ్చేకొద్దీ వాలు తగ్గుతుంది గనుక జారేవి పైన సుమారు మూడు వరసలు, కింద సుమారు మూడు వరసలు మాత్రమే. మధ్యలోని పద్దెనిమిది వరసలూ చక్కగా వస్తాయి, పరీక్ష కోసం పేజీ మధ్యలో రెండు మూడు వరసలు చూసినవారికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

మొదటి సభ్యుడు 6.5 లీటర్లు పోసి లీటరుకు 42 రూపాయల చొప్పున 273 రూపాయలు, రెండవ సభ్యుడు 4 లీటర్లకు 39 చొప్పున 156, మూడవ సభ్యుడు 5.5 లీటర్లకు 40 చొప్పున 220, నాలుగవ సభ్యుడు 3 లీటర్లకు 41 చొప్పున 123 రూపాయలు పొందవలసి ఉందనుకొందాం. వరస జారినప్పుడు మొదటి పేరు ఎదురుగా ‘సొమ్ము’ అనే శీర్షిక పడుతుంది, రెండవ పేరు ఎదుట 273, మూడవ పేరు ఎదుట 156 చేరతాయి, నాలుగవ గడిలో 220, 123 రెండూ కలిసి ఇరుక్కొంటాయి. అంకెలన్నీ ఆ నిలువు వరసలోనే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, ఒక్కటీ తప్పు చదవబడలేదు. కాబట్టి నిలువుగా కూడితే మొత్తం సరిపోక ఏం చేస్తుంది?

ఈ తప్పును పట్టేది అడ్డంగా చేసే లెక్క. లీటర్లను ధరతో గుణించి అదే వరసలోని సొమ్ముతో పోల్చితే రెండవ సభ్యుని దగ్గర 156 రావలసిన చోట 273 కనిపించి జారుడు వెంటనే బయటపడుతుంది. ధర ఉన్న నిలువు వరస పేరుకు సుమారు 110 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటే దాని తేడా 2.9 మిల్లీమీటర్లే కాబట్టి అది జారదు. అందువల్లనే ఈ పోలిక పనిచేస్తుంది. లీటర్లు, ధర, సొమ్ము మూడూ పక్కపక్కనే కుడి చివరన ఉండి మూడూ కలిసి జారితే గుణకారం కూడా సరిపోతుంది, అప్పుడు తప్పు పేరు దగ్గర మాత్రమే ఉంటుంది. అటువంటి జాబితాలలో సభ్యుని సంఖ్యను కుడి అంచున మరొకసారి ముద్రించడం మేలు. ఒకే గడిలో రెండు అంకెలు, పక్కన ఒక ఖాళీ గడి కనిపించడం కూడా జారుడుకు గట్టి గుర్తు. ఖాళీలను తీసివేసి పట్టికను ‘శుభ్రం’ చేసే అలవాటు ఉన్న చోట ఆ గుర్తు కూడా చెరిగిపోతుందన్నది గమనించవలసిన సంగతి.

ప్రశ్న: వాడుతున్న యాప్ వంకరను తానే సరిచేస్తున్నట్టు చూపిస్తున్నది. అయినా ఈ జారుడు ఎందుకు వస్తుంది?

జవాబు: వంకర సరిచేయడం అనే మాట కింద రెండు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. ఒకటి బొమ్మ మొత్తాన్ని ఒక కోణంలో తిప్పడం. దీనికి పేజీలోని వరసల సగటు వాలు సరిపోతుంది. పై ఉదాహరణలో పైన ఒకటిన్నర డిగ్రీ ఒక వైపుకు, కింద అంతే మరొక వైపుకు ఉన్నందున సగటు సున్న అవుతుంది, కాబట్టి తిప్పవలసింది ఏమీ లేదని ఆ పద్ధతి నిర్ణయించి ఊరుకొంటుంది. రెండవది కాగితపు నాలుగు మూలలను గుర్తించి, ఫొటోలో వంకర చతుర్భుజంగా కనిపించే పేజీని తిరిగి దీర్ఘచతురస్రంగా సాగదీయడం. కావలసింది ఇదే. దీనికి నాలుగు మూలలూ ఫొటోలో పడాలి, కాగితం రంగుకూ బల్ల రంగుకూ తేడా ఉండాలి. తెల్ల బల్ల మీద తెల్ల కాగితం పెట్టి తీసిన ఫొటోలో యాప్ మూలను కొద్ది మిల్లీమీటర్లు పక్కకు గుర్తించినా జారుడు కొంత మిగిలిపోతుంది. కాగితం చదునుగా లేకపోతే ఈ ఉపాయం కూడా చాలదు. కుట్టిన రిజిస్టరులో వెన్ను దగ్గర పేజీ లేచి వంగినప్పుడు మూలలు సరిగ్గా కుదిరినా వరసలు విల్లులా వంగే ఉంటాయి, దానికి సాఫ్ట్‌వేరు కంటే పేజీని చేత్తో చదునుగా నొక్కి మళ్లీ తీయడమే తక్కువ శ్రమ.

ప్రశ్న: ఫోనూ, తీసే మనిషి చెయ్యీ కలిసి కాగితం మీద నీడ వేస్తాయి. ఆ నీడ పడిన భాగం ఓసీఆర్‌లో పూర్తిగా మాయమవుతున్నది. దీనికి మార్గమేమిటి?

జవాబు: చాలా ఓసీఆర్ సాధనాలు మొదట బొమ్మలోని ప్రతి చుక్కనూ సిరాగానో కాగితంగానో తేల్చి నలుపు, తెలుపుగా విడదీస్తాయి. నొబుయుకి ఒత్సు 1979లో ప్రచురించిన పద్ధతి ఇందుకు పేరుపొందినది. అది పేజీ మొత్తానికి ఒకే హద్దు విలువను ఎంచుకొంటుంది. వెలుగులో కాగితం వెలుతురు విలువ 200, సిరా విలువ 60 అనీ, నీడలో వెలుతురు నలభై శాతానికి పడిపోయి కాగితం 80, సిరా 24 అయ్యాయనీ అనుకొందాం. హద్దు 120 దగ్గర పడితే నీడలోని కాగితం కూడా సిరా కిందే లెక్కకు వచ్చి ఆ భాగమంతా నల్లని ముద్దగా మారుతుంది. సమాచారం పోయిందని దీని అర్థం కాదు. 60ని 200తో భాగించినా, 24ను 80తో భాగించినా వచ్చేది 0.3 కనుక, ప్రతి చుక్కనూ దాని చుట్టుపక్కల కాగితం వెలుతురుతో పోల్చి చూసే పద్ధతికి నీడ దాదాపుగా అడ్డం కాదు. సవోలా, పీటికైనెన్ 2000లో ప్రతిపాదించిన పద్ధతి ఇటువంటి స్థానిక హద్దునే వాడుతుంది. టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాధనపు 5వ రూపంలో దానిని ఇలా ఎంచుకోవచ్చు:

```
tesseract page.png out -l tel+eng -c thresholding_method=2
```

నీడలో నిజంగా హాని చేసేది దాని లోపలి భాగం కాదు, అంచు. మెత్తగా పలచబడే అంచును స్థానిక పద్ధతి తట్టుకొంటుంది గాని, ఎండలో పడిన నీడలా కత్తితో కోసినట్టున్న అంచు దగ్గర వెలుగూ నీడా రెండూ ఒకే చుట్టుపక్కల ప్రాంతంలోకి వచ్చి, ఒక నల్లని గీత మిగలవచ్చు. ఆ గీత అంకెలకు సరిగ్గా ముందుగా పోతే అది 1గా చదవబడి 273 కాస్తా 1273 అయ్యే వీలుంది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట తీసిన ఫొటోకు ఈ బెడద తక్కువ.

ప్రశ్న: అంకెలు బాగానే వస్తున్నా తెలుగు పేర్లు తప్పుతున్నాయి. ఫొటోలు మెసేజింగ్ యాప్ ద్వారా పంపడం కారణమవుతుందా?

జవాబు: కావచ్చు. 4000 పిక్సెళ్ల పొడవున్న ఫొటోలో ఏ4 కాగితం నిలువునా పూర్తిగా నిండితే కాగితం పొడవు 11.69 అంగుళాలు కనుక అంగుళానికి సుమారు 340 పిక్సెళ్లు దక్కుతాయి. ఓసీఆర్‌కు సాధారణంగా చెప్పే 300కు ఇది పైమాటే. అదే బొమ్మ ప్రయాణంలో 1600 పిక్సెళ్లకు కుదించబడితే అంగుళానికి 137 మాత్రమే మిగులుతాయి. ద-ధ, డ-ఢ, ప-ఫ జంటలలో తేడా అక్షరం అడుగునున్న చిన్న గీతే, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చిన్న తోకే. పిక్సెళ్లు తగ్గినప్పుడు ముందుగా కరిగేవి ఇవే. అంకెలు పెద్దవి, విడివిడిగా ఉండేవి కాబట్టి నిలబడతాయి, కాని వాటి మధ్యనున్న దశాంశ చుక్క నిలబడదు. 0.35 మిల్లీమీటర్ల చుక్క అంగుళానికి 300 పిక్సెళ్ల దగ్గర నాలుగు పిక్సెళ్ల వెడల్పు ఉంటే 137 దగ్గర రెండే ఉంటుంది, అది మచ్చగా లెక్కకు వచ్చి తొలగిపోతే 42.00 కాస్తా 4200 అవుతుంది. ఫొటోను బొమ్మగా కాక ఫైలుగా, అంటే డాక్యుమెంటుగా జతచేసి పంపితే యాప్ దానిని కుదించదు. కుదించిన బొమ్మను తరువాత పెద్దది చేయడం వల్ల పోయిన గీతలు తిరిగిరావు.

ప్రశ్న: నీడ పోవడానికి ఫ్లాష్ వేయవచ్చునా?

జవాబు: నున్నని కాగితం మీద వేయకూడదు. ఫ్లాష్ వెలుతురు తిరిగి కెమెరాలోకి మెరిసిన చోట కాగితం, సిరా రెండూ 255 అనే గరిష్ఠ విలువకు చేరి ఒకటైపోతాయి, అప్పుడు భాగించి వేరుచేయడానికి అక్కడ తేడా అనేదే ఉండదు. ఫోన్‌ను కాగితానికి కొంచెం ఎత్తుగా, నేరుగా పైన పట్టుకొని, తీసే మనిషి వెలుతురుకు అడ్డు రాని పక్కన నిలబడితే సరిపోతుంది. ఎత్తు పెరిగినందువల్ల కాగితం ఫొటోలో చిన్నదైతే మాత్రం పైన చెప్పిన పిక్సెళ్ల లెక్క మళ్లీ వేసి చూసుకోవాలి.