రాగి పీక్ ఒక్కటే చూస్తే పొరపాటే

ఒక ఉత్ప్రేరకం పొడి పైపొరలో ఉన్న రాగి లోహమా, Cu2O రూపమా, CuO రూపమా? దీన్ని తేల్చడానికి వాడే పద్ధతి ఎక్స్‌పీఎస్. పొడి మీద 1486.6 ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్ కిరణాలు పడతాయి. అణువు లోపలి కక్ష్యల నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరిపడతాయి. వాటి వేగాన్ని బట్టి, అవి అణువుకు ఎంత గట్టిగా కట్టుబడి ఉన్నాయో లెక్కిస్తాం. అదే బంధన శక్తి. లోతు నుంచి వచ్చేవి దారిలోనే శక్తి పోగొట్టుకుంటాయి కాబట్టి, మనకు కనిపించేది పైనున్న కొద్ది నానోమీటర్లే.

ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను లాక్కుంటే, మిగిలినవాటిపై కేంద్రకం పట్టు పెరిగి బంధన శక్తి ఎక్కువవుతుంది. ఇది పాఠ్యపుస్తకం చెప్పే సూత్రం. రాగి దగ్గర ఇది సగమే పనిచేస్తుంది. లోహానికి పీక్ 932.6 దగ్గర, CuO కి 933.6 దగ్గర వస్తుంది. కానీ Cu2O కి 932.4 దగ్గరే! చుట్టూ ఉన్న ఆక్సైడ్ అయాన్ల ప్రభావం, ఎలక్ట్రాన్ పోయిన ఖాళీని పరిసరాలు సర్దుబాటు చేసే తీరు కలిసి ఆ పెరుగుదలను దాదాపు రద్దు చేస్తాయి.

ఇప్పుడు ఒక ఉదాహరణ. పొడిని టేపు మీద అంటించి చూస్తే పీక్ 933.7 దగ్గర వచ్చిందనుకుందాం. CuO అని రాసేయాలనిపిస్తుంది. తొందరపడకూడదు. టేపు విద్యుత్తును పోనివ్వదు. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న నమూనా ధనావేశం పొంది, పీక్‌లన్నిటినీ పైకి నెడుతుంది. ఉపరితలం మీద ఎప్పుడూ ఉండే కార్బన్ మకిలి పీక్‌ను 284.8 గా తీసుకోవడం ఆనవాయితీ. ఇక్కడ అది 286.1 దగ్గర కనిపించింది. తేడా 1.3. అది తీసేస్తే రాగి పీక్ 932.4. అంటే CuO కాదు. లోహమో, Cu2O నో.

మరో సాక్ష్యం 940-945 మధ్య ఉంటుంది. CuO లో రాగి d కక్ష్యలో ఒక ఖాళీ ఉంటుంది, దానివల్ల అక్కడ బలమైన ఉపగ్రహ పీక్‌లు వస్తాయి. మిగతా రెండిటిలో ఆ కక్ష్య నిండుగా ఉంటుంది, అవి రావు. మన పొడిలో లేవు.

లోహాన్నీ Cu2O నీ విడదీసేది ఓజే ఎలక్ట్రాన్. ఖాళీని పై ఎలక్ట్రాన్ నింపినప్పుడు మిగిలిన శక్తితో బయటపడే ఎలక్ట్రాన్ ఇది. దీని గతిజ శక్తి లోహంలో సుమారు 918.6, Cu2O లో సుమారు 916.8. మన యంత్రం చూపింది 915.5. దీనికి పీక్ బంధన శక్తి 933.7 కలిపితే 1849.2. ఈ మొత్తం లోహానికి దాదాపు 1851.2, Cu2O కి 1849.2 ఉంటుంది. మన పొడి Cu2O అన్నమాట. ఈ లెక్కలో ఉన్న అందం ఏమిటంటే, ఆవేశం ఒకదాన్ని పెంచినంత రెండోదాన్ని తగ్గిస్తుంది. కార్బన్ దిద్దుబాటుతో పనే లేదు.

అయినా ఒక అనుమానం మిగులుతుంది. ఎక్స్ కిరణాల కిందే CuO క్షయకరణం చెంది Cu2O గా మారవచ్చు. ఆర్గాన్ అయాన్లతో శుభ్రం చేసినా అంతే. అందుకే రాగి పీక్‌ను మొట్టమొదట త్వరగా ఒకసారి, అన్ని కొలతలూ అయ్యాక మరోసారి తీసుకోవాలి. మొదటి దాంట్లో ఉపగ్రహ పీక్‌లు ఉండి, రెండోదాంట్లో సన్నగిల్లితే, ఆ Cu2O పొడిలో మొదటినుంచీ ఉన్నది కాదు, కొలిచేటప్పుడు పుట్టినది.