'బాగానే ఉంది' అంటే ఎంత బాగుంది?
డ్యూటీ మారే వేళ సిస్టర్ల మాటలను నోటుగా రాయడం: ఒక పాఠం

రాత్రి ఎనిమిది గంటల వేళ మన ఆసుపత్రి వార్డుకు వచ్చిన దాతలు ఈ దృశ్యం చూసే ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కిన సిస్టర్ బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరడానికి సిద్ధంగా ఉంటుంది. రాత్రి డ్యూటీ సిస్టర్ అప్పుడే వచ్చి ఉంటుంది. ఇద్దరూ మందుల ట్రాలీ దగ్గర నిలబడి పది నిమిషాలు మాట్లాడుకుంటారు. దూరం నుంచి చూసేవారికి అవి కబుర్లలాగే ఉంటాయి. కానీ వార్డులో ఉన్న రోగులందరి బాధ్యత ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి వెళ్ళేది ఆ పది నిమిషాల్లోనే. దీన్ని హ్యాండోవర్ అంటారు. ఈ మాటలను నాలుగు భాగాల నోటుగా ఎలా రాయాలో మేము సిస్టర్లకు ఒక పాఠంగా చెబుతున్నాం. అందులో తరగతి గదిలో వాడే ఒక ఉదాహరణను ఇక్కడ మీ ముందు పెడుతున్నాం. రోగుల సంగతులు బయటపెట్టకూడదు కాబట్టి ఇది పాఠం కోసం కూర్చిన కేసే తప్ప ఏ ఒక్కరిదీ కాదు.

నాలుగు భాగాలంటే పరిస్థితి, నేపథ్యం, అంచనా, సిఫారసు. వీటి ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలు కలిపి 'ఎస్‌బార్' అంటారు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి ఇది. కొలరాడోలోని కైసర్ పర్మనెంటె సంస్థకు చెందిన డాక్టర్ మైఖేల్ లియొనార్డ్, ఆయన సహచరులు దాన్ని వైద్యంలోకి తెచ్చారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హ్యాండోవర్‌కు ఈ పద్ధతిని సూచించింది. చరిత్ర ఇంతవరకు చాలు. అసలు సంగతి ఆరో బెడ్ దగ్గర ఉంది.

సాయంత్రం సిస్టర్ చెప్పిన మాటలు చెప్పినట్టే ఇవి:

"ఆరో బెడ్ అమ్మ బాగానే ఉంది అక్కా. మధ్యాహ్నం సగమే తింది. సాయంత్రం వాళ్ళబ్బాయి ఏదో తెచ్చాడు గానీ వద్దంది. ఇందాక చెమటలు పట్టాయంటే ఫ్యాను పెంచాను. షుగర్ చూస్తే కొంచెం తక్కువొచ్చింది, అరవై ఎంతో. పంచదార నీళ్ళు పట్టించాను. డాక్టరు గారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. రాత్రి ఇన్సులిన్ ఇంకా వెయ్యలేదు, భోజనం ముందు నువ్వు వేసెయ్. కాలి కట్టు రేపు మార్చాలి. వాళ్ళబ్బాయి బిల్లు ఎంతవుతుందని పదిసార్లు అడిగాడు పాపం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిర్లక్ష్యంగల సిస్టర్ మాటలూ కావు. చెమట చూసింది, షుగర్ పరీక్షించింది, పంచదార ఇచ్చింది, ఫోన్ చేసింది. అయినా ఈ మాటలు విన్న రాత్రి సిస్టర్ మనసులో రెండే మిగులుతాయి: 'బాగానే ఉంది', 'ఇన్సులిన్ వేసెయ్'. మొదటి వాక్యమూ, చేయమన్న పనీ చెవిలో నిలుస్తాయి. మధ్యలోవి జారిపోతాయి. ఈ అమ్మ విషయంలో ప్రమాదమంతా ఆ మధ్యలోనే ఉంది.

తరగతిలో మేము మొదట చేయించే పని పెన్సిలు పని. ప్రతి వాక్యం పక్కన అది నాలుగింటిలో దేనికి చెందుతుందో రాయమంటాం. 'షుగర్ అరవై ఎంతో' పరిస్థితి. 'సగమే తింది' నేపథ్యం. 'బాగానే ఉంది' దగ్గర అందరూ ఆగిపోతారు. కొందరు పరిస్థితి అని రాస్తారు. నిజానికి అది అంచనా, పైగా ఆధారం చెప్పని అంచనా. దేన్ని చూసి బాగానే ఉంది అన్నావు అని అడిగితే 'పంచదార నీళ్ళు తాగాక లేచి కూర్చుంది' అనే జవాబు వస్తుంది. అయితే నోటులో ఉండాల్సింది ఆ లేచి కూర్చోవడమే. కంటితో చూసినది ఒక చోట, దాన్నిబట్టి మనం అనుకున్నది మరో చోట రాయడం ఈ పాఠంలో సగం.

మొదటిసారి రాసిన నోట్లలో దాదాపు ఎప్పుడూ కనిపించే తప్పు ఒకటుంది. ఫారంలో నాలుగు గడులు ఉంటాయి. ఖాళీగా వదిలితే తిడతారన్న భయంతో 'బి.పి., నాడి మామూలుగా ఉన్నాయి' అని రాసేస్తారు. పై మాటల్లో బి.పి. ఊసే లేదు. ఒక్కోసారి పొద్దుటి అంకెనే దించేస్తారు. నోరారా చెప్పిన కబురు కన్నా ఈ శుభ్రమైన నోటు ఎక్కువ హాని చేస్తుందని మా అభిప్రాయం. కబురు విన్న సిస్టర్‌కు అనుమానం వస్తుంది, అడుగుతుంది. అచ్చు గడిలో రాసిన అంకెను ఎవరూ అనుమానించరు. అందుకే మా తరగతిలో ఒక నియమం పెట్టాం: చెప్పనిది రాయకూడదు, 'చూడలేదు' అని రాయాలి. ఆ మాట రాయడానికి సిగ్గుపడొద్దని పదే పదే చెప్పాల్సి వస్తోంది.

తర్వాతి పని మెత్తటి మాటలను ఏరడం. 'ఇందాక', 'కొంచెం', 'అరవై ఎంతో'. వీటి స్థానంలో గడియారం, అంకె రావాలి. ఇక్కడ షుగర్ మిషన్ సాయం చేస్తుంది. చాలా మిషన్లు పాత రీడింగులను టైముతో సహా దాచుకుంటాయి. ఈ కేసులో మిషన్ తెరిస్తే సాయంత్రం 6 గంటల 40 నిమిషాలకు 58 అని ఉంటుంది. అరవై ఎంతో కాదు, అరవైకి లోపు. దాని తర్వాత ఇంకో రీడింగు లేదు. అంటే పంచదార ఇచ్చాక మళ్ళీ పరీక్షించలేదు. (మిషన్‌లో బ్యాటరీ మార్చినప్పుడు టైము తప్పిపోయే అవకాశం ఉంది. ముందు దాని గడియారం చూసుకోవాలి.)

షుగర్ 70 కన్నా తగ్గితే సుమారు 15 గ్రాములు, అంటే మూడు చెంచాల పంచదార ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలన్నది సిస్టర్లందరికీ తెలిసిన పద్ధతే. ఆ రెండో పరీక్ష జరగలేదన్న సంగతి మాటల్లో దాగిపోయింది. నోటు రాయబోతే బయటపడింది.

కబుర్లలో అసలే రానిది మరొకటి ఉంది. ఈ అమ్మకు కిడ్నీలు సరిగా పనిచేయవు. క్రియాటినిన్ 2.1 అని కేస్ షీటులో ఉంది. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ చెప్పరు. కానీ కిడ్నీ పని తగ్గినవారిలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆమెకు ఇచ్చేది 30/70 మిశ్రమ ఇన్సులిన్. దానిలో పెద్ద భాగం నెమ్మదిగా మొదలై, ఇచ్చిన నాలుగైదు గంటల తర్వాత బలంగా పనిచేస్తుంది. అంటే అర్ధరాత్రి దాటాక, రోగి నిద్రలో ఉండగా. అప్పుడు షుగర్ పడిపోతే చెమటలు పడుతున్నాయని చెప్పేందుకు ఆమె మెలకువగా ఉండదు.

ఇవన్నీ కలిపి, కేస్ షీటు చూసి, బయలుదేరబోయే సిస్టర్‌ను అడిగి తిరగరాస్తే నోటు ఇలా వస్తుంది:

పరిస్థితి: 6వ బెడ్, 64 ఏళ్ళ స్త్రీ. సాయంత్రం 6:40కి చెమటలు, షుగర్ 58. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చాం. తర్వాత లేచి కూర్చుంది, మాట్లాడుతోంది. షుగర్ మళ్ళీ చూడలేదు. సాయంత్రం బి.పి. చూడలేదు. రాత్రి ఇన్సులిన్ 12 యూనిట్లు ఇంకా ఇవ్వలేదు.

నేపథ్యం: మధుమేహం, రోజుకు రెండుసార్లు 30/70 ఇన్సులిన్. మూడు రోజుల క్రితం కాలి పుండు శుభ్రం చేసే ఆపరేషన్. నిన్నటి క్రియాటినిన్ 2.1. మధ్యాహ్నం సగం భోజనం, సాయంత్రం ఏమీ తినలేదు.

అంచనా: షుగర్ పడిపోయింది, పూర్తిగా కోలుకున్నదో లేదో తెలియదు. తిండి తగ్గింది, కిడ్నీ పని తక్కువ. ఇదే డోసు ఇస్తే రాత్రి మళ్ళీ పడిపోవచ్చని మా భయం.

సిఫారసు: ఇప్పుడే షుగర్, బి.పి. చూడాలి. షుగర్ 70 లోపు ఉంటే మళ్ళీ పంచదార, 15 నిమిషాలకు మళ్ళీ పరీక్ష. డాక్టరు గారితో మాట్లాడేవరకు ఇన్సులిన్ ఇవ్వవద్దు. 7:15కి ఫోన్ చేశాం, ఎత్తలేదు. 8:15 లోపు దొరకకపోతే రెండో నంబరుకు చేయాలి. రాత్రి 2 గంటలకు షుగర్ పరీక్ష కావాలా అని కూడా అడగాలి. కట్టు రేపు ఉదయం.

బెడ్ నంబరు ఒక్కటే చాలదు, రోగులను ఒక బెడ్ నుంచి మరో బెడ్‌కు మారుస్తూనే ఉంటారు. అసలు నోటులో పేరు, ఐ.పి. నంబరు రెండూ ఉండాలి. ఇక్కడ వాటిని వదిలేశాం.

సిస్టర్లకు అన్నిటికన్నా కష్టమనిపించేది చివరి గడి. డాక్టరు గారికి మనం సిఫారసు చేయడమేమిటని వెనకాడతారు. 'డాక్టరుకు తెలియజేయాలి' అని రాసి ఊరుకుంటారు. ఎవరు తెలియజేయాలి, ఎన్నింటిలోపు, ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి అన్నవి అందులో లేవు. డోసు మార్చే అధికారం సిస్టర్‌కు లేదు, నిజమే. కానీ షుగర్ పడిపోయిన మనిషికి ఇన్సులిన్ ఇచ్చే ముందు ఆగి అడగడం ఆమె పనే. ఆ తేడా తెలిశాక చెయ్యి కొంచెం ధైర్యంగా కదులుతుంది.

ఇక బిల్లు సంగతి. అది వైద్యం కాదు కదా అని మొదట కొట్టేయించేవాళ్ళం. తరువాత మనసు మార్చుకున్నాం. కొడుకు అన్నిసార్లు అడుగుతున్నాడంటే పొద్దున్నే తల్లిని ఇంటికి తీసుకువెళ్ళిపోయే ఆలోచనలో ఉండవచ్చు. కాలి పుండు మానలేదు, షుగర్ నిలకడగా లేదు. కాబట్టి సిఫారసు కింద ఒక్క వాక్యం చేర్పించాం: 'బిల్లు గురించి కుటుంబం ఆందోళనలో ఉంది, పొద్దున ఆఫీసువారు మాట్లాడాలి.'

నోటు రాసి ట్రాలీ మీద పెట్టి వెళ్ళిపోతే పని కాదు. ఇద్దరూ బెడ్ దగ్గరకు నడిచి, చదివి, విన్న సిస్టర్ ముఖ్యమైన వాటిని తిరిగి చెప్పాలి. 'షుగర్ 58, మళ్ళీ చూడలేదు, ఇన్సులిన్ ఆపి అడగాలి' అని ఆమె నోట వచ్చిన తర్వాతే మొదటి సిస్టర్ బ్యాగు సర్దుకోవచ్చు. అందరు రోగులకూ ఇంత నోటు రాయాలంటే డ్యూటీ ముగియదు. నిలకడగా ఉన్నవారికి రెండు వరుసలు చాలు. ఆ రోజు ఏదైనా మారినవారికి, ఏదైనా పని సగంలో ఆగినవారికి మాత్రం నాలుగు భాగాలూ పూర్తిగా రాయాలి. ఎవరికి రాయాలో ఎంచుకోవడం కూడా అనుభవంతోనే వస్తుంది. అందుకే కొత్తగా చేరిన సిస్టర్ మొదటి నెలంతా సీనియర్ పక్కన నిలబడి ఆమె మాటలనే కాగితం మీద రాస్తూ ఉంటుంది. ఖాళీ కనిపించిన చోటల్లా ఆగి అడుగుతుంది.