నీడ అబద్ధం చెప్పదు

ఋణం ఇచ్చిన తరువాత కొన్న ఆస్తిని చూసి, ఫోటో ఫైలులో పెట్టడం మా పనిలో భాగం. కొన్నిసార్లు ఖాతాదారులే వాట్సాప్‌లో ఫోటో పంపుతారు. అందులో ఏదైనా తరువాత అతికించారేమోనని అనుమానం వస్తే నేను చేసే పరీక్షకు స్కేలు, పెన్సిలు చాలు. ఇంట్లో పిల్లలు కూడా చేయవచ్చు.

నీడలన్నీ సమాంతరంగా ఉన్నాయా అని చూడడం సరైన పరీక్ష కాదు. దూరం పోయేకొద్దీ రైలు పట్టాలు ఫోటోలో దగ్గరైనట్టే, నేల మీద సమాంతరంగా పడిన నీడలు కూడా ఫోటోలో వేర్వేరు దిక్కులకు తిరిగినట్టు కనిపిస్తాయి. అపోలో యాత్రికులు చంద్రుడి మీద తీసిన ఫోటోలను కొందరు బూటకమన్నది ఇలాంటి నీడలు చూసే. అక్కడి ఎగుడుదిగుడు నేల కూడా వాటిని వంచింది.

సరైన సూత్రం ఇది. నీడ కొన, ఆ నీడ పడేలా చేసిన వస్తువు కొన, వెలుగు వచ్చే చోటు ఒకే సరళరేఖ మీద ఉంటాయి. నేల వాలుగా ఉన్నా ఇది మారదు. అసలులో తిన్నగా ఉన్న గీత ఫోటోలోనూ తిన్నగానే ఉంటుంది. కాబట్టి ఇలాంటి గీతలన్నీ పొడిగిస్తే ఒకే చోట కలవాలి.

ఒక పాల డెయిరీ ఫైలులోని ఫోటోను పెద్ద కాగితం మధ్యలో అంటించాను. కరెంటు స్తంభం నీడ కొన నుంచి స్తంభం కొన మీదుగా ఒక గీత, షెడ్డు కప్పు మూలకు ఒకటి, గట్టు మీది బిందె అంచుకు ఒకటి గీశాను. మూడూ ఫోటో పైన, ఎడమవైపు ఒకేచోట కలిశాయి. అది సూర్యుడి చోటు. ట్రాక్టర్ సైలెన్సర్ కొన నుంచి గీసిన గీత మాత్రం కుడివైపుకు పోయింది. ఒకే ఎండలో అది సాధ్యం కాదు. స్వయంగా వెళ్ళి చూడాల్సిన ఫైలు అదని తేలింది.

సూర్యుడు ఫోటో తీసేవారి వెనుక ఉంటే గీతలు పైన కాదు, కింద కలుస్తాయి. అవి కలిసే చోటు కెమెరా నీడ పడే చోటే. సూర్యుడు సరిగ్గా పక్కన ఉంటే గీతలు దాదాపు సమాంతరంగా సాగుతాయి.

కొన స్పష్టంగా తెలిసిన నీడలనే ఎంచుకోండి. ఎత్తైన వస్తువుల నీడ అంచు మసకగా ఉంటుంది కనుక గీత కొద్దిగా అటూ ఇటూ అయితే తప్పు పట్టకూడదు. మబ్బు పట్టిన రోజు ఫోటోకు ఈ పరీక్ష పనికిరాదు. రాత్రి ఫోటోలో రెండు దీపాలుంటే ఒక్కో వస్తువుకు రెండు నీడలు పడతాయి, ఏ నీడ ఏ దీపానిదో ముందు విడదీయాలి. గీతలన్నీ కలిసినంత మాత్రాన ఫోటో నిజమైనదని కాదు. కలవకపోతే మాత్రం అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉన్నట్టే.