కెమెరా శాంపిల్స్ పబ్లిష్ చేసే ముందు డ్రాఫ్ట్‌లో ఇవి చూస్తాను

పోయినేడాది ఒక కెమెరా రివ్యూలో పోర్ట్రెయిట్ శాంపిల్‌గా నా ఫ్రెండ్ ఫొటో పెట్టి, పేరుతో ట్యాగ్ కూడా చేశాను. ట్యాంక్‌బండ్ మీద తీసింది, భలే వచ్చింది. కానీ కింద ఫోన్ వేసిన వాటర్‌మార్క్‌లో తేదీ, టైమ్ ఉన్నాయి. ఆ రోజు వాడు ఆఫీసుకి సిక్ లీవ్ పెట్టాడట! ట్యాగ్ పట్టుకుని వాళ్ల మేనేజర్ ఫొటో దాకా వచ్చేశాడు. "తీసుకోమన్నాను గానీ, నెట్‌లో పెట్టమన్నానారా?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. డిలీట్ చేశాను, కానీ అప్పటికే స్క్రీన్‌షాట్లు తిరుగుతున్నాయి.

ఈ వారం డ్రాఫ్ట్‌లో మూడు ఫొటోలున్నాయి. మొదటిది ఇంకో ఫ్రెండ్ పోర్ట్రెయిట్. పబ్లిష్ అయ్యే సైజులోనే ఫొటో పంపి ఇలా అడిగాను: "ఇది రివ్యూలో పెట్టనా? పేరు వేయనా? ఇన్‌స్టాలో ట్యాగ్ చేయనా?" మూడూ వేర్వేరు ప్రశ్నలు. తను ఫొటోకి ఓకే అంది, పేరు, ట్యాగ్ వద్దంది. అలాగే ఉంచాను.

రెండోది 10ఎక్స్ జూమ్ శాంపిల్. టీ కొట్టు బోర్డు తీద్దామనుకుంటే పక్కనున్న పిల్లాడి ముఖం స్పష్టంగా పడింది. వాళ్ల అమ్మానాన్నల్ని నేను అడగలేదు. బ్లర్ చేస్తే డీటెయిల్ చూపించే శాంపిల్‌కి అర్థమే లేదు. మళ్లీ వెళ్లి బోర్డు ఒక్కటే తీశాను.

మూడోది పాత ఫోన్ ఫొటో, వికీమీడియా కామన్స్‌ది. డ్రాఫ్ట్‌లో నేనే "సోర్స్: గూగుల్" అని రాసుకున్నాను. గూగుల్ దాన్ని వెతికిపెట్టిందంతే, తీసింది వేరే మనిషి. ఫైల్ పేజీలో లైసెన్స్ CC BY-SA 4.0 అని ఉంది. అంటే ఫొటోగ్రాఫర్ పేరు, ఫొటో లింకు, లైసెన్స్ లింకు ఇవ్వాలి. నేను క్రాప్ చేశాను కాబట్టి ఆ మాటా రాయాలి. క్రాప్ చేసిన ఫొటో కూడా అదే లైసెన్స్ కింద ఉంటుంది. లైసెన్స్‌లో NC అని ఉంటే మాత్రం యాడ్స్ వచ్చే సైట్‌లో నేను వాడను. "రివ్యూయే కదా, ఫ్రీగా వాడొచ్చు" అంటారు కొందరు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో రివ్యూకి మినహాయింపు ఉంది నిజమే, కానీ అది పుస్తకం, సినిమా, ఫొటో లాంటి రచనల్ని సమీక్షించడానికి. నేను సమీక్షిస్తున్నది ఫోన్‌ని!

చివరగా లొకేషన్. ఒరిజినల్ ఫైల్స్ డౌన్‌లోడ్‌కి ఇస్తాను కాబట్టి జీపీఎస్ వివరాలు తీసేయాలి. ఐఎస్ఓ, షట్టర్ స్పీడ్ మీకు కావాలి, అందుకే మొత్తం డేటా తుడవను:

```
exiftool -gps:all= IMG_2041.jpg
```

ఇక్కడో తిరకాసు ఉంది. పాత ఫైల్ `IMG_2041.jpg_original` పేరుతో అదే ఫోల్డర్‌లో మిగిలిపోతుంది, లొకేషన్‌తో సహా. ఫోల్డర్ మొత్తం అప్‌లోడ్ చేస్తే అదీ వెళ్లిపోతుంది. వాటర్‌మార్క్ ఈ కమాండ్‌తో పోదు, అది ఫొటోలోనే అచ్చయి ఉంటుంది. అందుకే టెస్టింగ్ మొదలుపెట్టేముందే కెమెరా సెట్టింగ్స్‌లో ఆపేస్తున్నాను.